వ్యాసం లేని సారాంశం

"ఈ వ్యాసాన్ని ఐదు వాక్యాల్లో చెప్పు" అని టైపు చేసి పంపుతారు. దాని వెంట వ్యాసం వెళ్లదు. కాపీ అయిందనుకున్నది కాపీ కాలేదు, లేదా ఫైలు ఎక్కకముందే పంపేశారు, లేదా లింకు ఇచ్చారు గాని అవతలి యంత్రం దాన్ని తెరవలేకపోయింది. కృత్రిమ మేధ పనిముట్లు వాడేవాళ్లకు ఏదో ఒక రోజు ఎదురయ్యే సంగతే ఇది. పొరపాటు చిన్నదే. దానికి వచ్చే ఫలితం మాత్రం చిన్నది కాదు. చాలాసార్లు ఐదు వాక్యాల సారాంశం ఏ తడబాటూ లేకుండా వచ్చేస్తుంది. చదివినవాళ్లు నమ్ముతారు. వ్యాసం వాళ్లూ చదవలేదు కాబట్టే కదా సారాంశం అడిగారు!

పత్రికా కార్యాలయంలో ఇదే పని సబ్‌ఎడిటర్‌కు అప్పగిస్తే "కాపీ నాకు రాలేదండీ" అంటాడు, అక్కడితో ఆ మాట తేలిపోతుంది. ఖాళీ బల్ల ముందు కూర్చున్న మనిషికి బల్ల ఖాళీగా ఉందని కనిపిస్తుంది. భాషా నమూనా పని తీరు వేరు. దాని ముందుకు వచ్చిన మాటలు ఎన్ని ఉంటే అన్నింటిని బట్టి, తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాసుకుపోతుంది. "ఈ వ్యాసాన్ని సంగ్రహించు" అనే ఆదేశం తర్వాత, తాను నేర్చుకున్న పాఠాల్లో, ఎక్కువగా వచ్చేది సారాంశమే. మధ్యలో వ్యాసం లేకపోవడం దానంతట అది అడ్డుగోడ కాదు. అడ్డుగోడను శిక్షణలో కట్టాలి. ఎక్కడ కట్టారు, ఎక్కడ కట్టలేదు, కట్టిన గోడకు తెలుగు వైపు ఎక్కడ కన్నాలున్నాయి అన్నదే ఈ సమీక్ష.

ఖాళీ అభ్యర్థనలు అన్నీ ఒక్కలా ఉండవు. ఆదేశం తప్ప ఇంకేమీ లేనివి సులువైనవి. ఇప్పటి పెద్ద నమూనాలు చాలావరకు వీటిని పట్టుకుంటాయి, వ్యాసం పంపమని అడుగుతాయి. వీటి మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. చిక్కంతా వ్యాసం స్థానంలో వ్యాసంలాంటిది ఏదో ఒకటి ఉన్నప్పుడు వస్తుంది. శీర్షిక ఒక్కటే ఉండవచ్చు, ఫైలు పేరు ఉండవచ్చు, ఎక్కువసార్లు లింకు ఉంటుంది. లింకు చూడ్డానికి చిరునామా, కాని అందులో కొంత వార్త కూడా దాగి ఉంటుంది. ఆ కొంతే ప్రమాదం.

2023 మార్చి నాటి ఉదాహరణ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. కృత్రిమ మేధ కల్పనల గురించిన వికీపీడియా పేజీలో దాని తెరపట్టును ఇప్పటికీ చూడవచ్చు. అప్పటి చాట్‌జీపీటీకి ఇంటర్నెట్ తెరిచే సౌకర్యం లేదు. దానికి ఒకరు న్యూయార్క్ టైమ్స్ లింకులా కనిపించే చిరునామా ఇచ్చి సారాంశం కోరారు. అలాంటి వ్యాసం ఆ పత్రికలో లేనే లేదు, చిరునామాను అల్లి ఇచ్చారు. దాని చివరి భాగం ఇది:

```
/2023/03/10/technology/chatgpt-prompts-to-avoid-content-filters.html
```

లేని ఆ వ్యాసానికి సారాంశం వచ్చింది. ఎలా వచ్చిందో ఈ ఒక్క పంక్తి చూస్తే తెలిసిపోతుంది. మొదట తేదీ ఉంది, తర్వాత సాంకేతిక విభాగం పేరు ఉంది, ఆపైన గీతలతో కలిపిన ఆరు మాటల్లో విషయం ఉంది. లింకు మొదట్లో పత్రిక పేరు ఉండనే ఉంటుంది. ఏ పత్రిక రాసింది, ఎప్పుడు రాసింది, దేని గురించి రాసింది అన్న మూడూ తెలిస్తే, ఆ పత్రిక ధోరణిలో ఒక పేరా అల్లడం భాషా నమూనాకు కష్టమేమీ కాదు. బ్రిటిష్ ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ అదే నెలలో దీని మీద ఒక హెచ్చరిక రాశారు. లింకులు ఇస్తే ఆ పనిముట్టు చదువుతున్నట్టే కనిపిస్తుందనీ, నిజానికి చదవడం లేదనీ, లింకులోని మాటలు మార్చి చూస్తే ఆ సంగతి బయటపడుతుందనీ ఆయన చూపించారు. ఆ పరీక్ష నేటికీ పనికొస్తుంది.

మన దగ్గరి విషయం ఒకటి తీసుకుని దీన్ని విప్పి చూద్దాం. ఉదాహరణకు అల్లుకున్నదే తప్ప ఏ పత్రికలోనిదీ కాదు. లింకు చివర `guntur-yard-lo-mirchi-dharala-patanam` అని ఉందనుకుందాం. యంత్రం ఆ పేజీ తెరవలేదు. అయినా వచ్చే సారాంశం ఎలా ఉంటుందో ముందే చెప్పవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో ధరలు పడిపోయాయి, రైతులు ఆందోళనలో ఉన్నారు, దిగుబడి పెరగడం, ఎగుమతుల గిరాకీ తగ్గడం కారణాలు, శీతల గిడ్డంగుల్లో పాత నిల్వలున్నాయి, ప్రభుత్వం జోక్యం చేసుకోవాలని రైతు సంఘాలు కోరుతున్నాయి. ఇందులో ఒక్క వాక్యాన్నీ తప్పు అని గట్టిగా చెప్పలేం. ధర పడిన ఏ ఏడాదికైనా ఇవన్నీ అతుకుతాయి. ఆ అతకడమే కల్పనకు గుర్తు.

అసలు వ్యాసంలో ఏముండి ఉంటుంది? ఏ రోజు బేరాలో ఉంటుంది. ఆ రోజు యార్డుకు ఎన్ని టిక్కీలు వచ్చాయో ఉంటుంది. తేజ రకం క్వింటా ఎంత పలికింది, బాడిగ ఎంత, తాలు కాయ ఎంత అనేది ఉంటుంది. ఎవరో ఒక కమీషన్ వ్యాపారో, రైతో ఒక మాట అని ఉంటారు. ఇంకో సంగతి కూడా ఉండవచ్చు. ధర పడింది తేమ ఎక్కువున్న సరుకుకే, ఎండిన తేజకు పాత ధరే నిలబడింది అని నాలుగో పేరాలో విలేకరి రాసి ఉండవచ్చు. సరుకు అమ్మాలా, ఆరబెట్టి నాలుగు రోజులు ఆగాలా అని తేల్చుకోవలసిన రైతుకు కావలసింది ఆ నాలుగో పేరా. శీర్షిక నుంచి అల్లిన సారాంశంలో అది ఎప్పటికీ రాదు, ఎందుకంటే శీర్షికలో అది లేదు. పైగా కల్పిత సారాంశం ఆ పేరాకు ఎదురు మాట చెబుతుంది. మొత్తం ధరలు పడ్డాయంటుంది. అందుకే ఈ లోపాన్ని చిన్న అసౌకర్యం అనుకోవడానికి నాకు మనసొప్పదు. వ్యాసంలో ఊహకు అందని భాగం ఏదైతే ఉందో, దాని కోసమే మనిషి వ్యాసం చదువుతాడు. కల్పన సరిగ్గా ఆ భాగాన్నే తీసేసి, మిగతాదంతా ఉంచుతుంది.

ఇప్పుడు విల్లిసన్ చూపిన పద్ధతి ఇక్కడ వాడితే `patanam` తీసి `perugudala` అని పెట్టాలి. అలాంటి పేజీ ఉండదు. నిజంగా తెరిచే పనిముట్టు అయితే పేజీ లేదని చెబుతుంది. చదవకుండా రాసేదైతే రైతుల ఆందోళన కాస్తా రైతుల ఆనందంగా మారుతుంది, గిరాకీ తగ్గడం గిరాకీ పెరగడం అవుతుంది, వాక్యాల వరస మాత్రం అదే.

యంత్రానికి ఈ అలవాటు ఎక్కడిది? ఒక భాగం శిక్షణ సామగ్రిలోనే ఉంది. దానికి అందరూ తెరిచి చూడగలిగిన సాక్ష్యం అల్పాకా. 2023 మార్చిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెటా సంస్థ లామా నమూనాలో చిన్నదాన్ని, 700 కోట్ల పరామితులున్నదాన్ని తీసుకుని, ఆదేశాలు పాటించేలా శిక్షణ ఇచ్చారు. దానికి వాడినవి 52 వేల ఉదాహరణలు. వాటిని మనుషులు రాయలేదు. మనుషులు రాసిన 175 నమూనా పనులను విత్తనాలుగా చూపి, ఓపెన్ఏఐ వారి పాత నమూనా ఒకదానితో మిగతావి పుట్టించారు. ఖర్చు 500 డాలర్లు కూడా కాలేదు. ప్రతి ఉదాహరణలో మూడు గదులుంటాయి. మొదటిది ఆదేశం, రెండోది ఆ ఆదేశానికి కావలసిన సామగ్రి, మూడోది జవాబు.

ఆ ఉదాహరణలు పుట్టించడానికి ఇచ్చిన నిబంధనల పత్రం ఇప్పటికీ అందుబాటులో ఉంది. సామగ్రి గది గురించి అందులో ఉన్న షరతులు చూడండి. అందులో నిజమైన వివరం ఉండాలి, ఉత్తుత్తి గుర్తులు పెట్టి వదిలేయకూడదు, సామగ్రి బలంగా ఉండాలి, కాని వీలైనంతవరకు 100 మాటలు దాటకూడదు. సామగ్రి అవసరం లేని ఆదేశమైతే `<noinput>` అని రాయాలి. ఇప్పుడు "వ్యాసాన్ని సంగ్రహించు" అన్న ఆదేశాన్ని ఈ షరతుల మధ్య పెట్టి చూడండి. వ్యాసం 100 మాటల్లో ఇమడదు. ఇక్కడ వ్యాసం వస్తుంది అని గుర్తు పెట్టి వదలడానికి వీల్లేదు. సామగ్రి అక్కర్లేదు అనడానికీ లేదు. మిగిలిన దారి, చిన్నదిగా ఉంటూ నిజమైనదిలా కనిపించేది ఒకటి పెట్టడం. లింకు సరిగ్గా అదే. ఉదాహరణలు పుట్టించిన యంత్రం చాలాచోట్ల ఆ దారే పట్టింది. రెండో గదిలో లింకు పెట్టి, మూడో గదిలో తాను తెరవని ఆ లింకుకు సారాంశం రాసింది. ఆకారం ఇలా ఉంటుంది:

```
"instruction": "Summarize this article",
"input": "https://...",
"output": "The article discusses ..."
```

ఇలాంటివి చూపి శిక్షణ ఇస్తే నమూనా నేర్చుకునే పాఠం ఒక్కటే. లింకు కనబడితే సారాంశం రాయాలి, తెరవనక్కర్లేదు. కొద్ది వారాల్లోనే ఆ 52 వేల ఉదాహరణలను శుభ్రం చేసే పని కొందరు చేపట్టారు. వాళ్లు రాసుకున్న లోపాల పట్టికలో ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని ప్రస్తావించే ఆదేశాలు, వాటికి వచ్చిన కల్పిత జవాబులు ఒక వర్గంగా ఉన్నాయి. ఆదేశం ఉండి జవాబు ఖాళీగా ఉన్నవి మరో వర్గం. అయితే అప్పటికే శుభ్రం చేయని సామగ్రిని తీసుకుని చాలామంది తమ తమ భాషల్లోకి యంత్రానువాదం చేసుకున్నారు. లోపం కూడా వాటితోపాటే అనువాదమైంది.

అల్పాకా ఒక్కదాన్నే నిందిస్తే అన్యాయం. సారాంశాల సామగ్రిలో ఈ తెగులు అంతకుముందు నుంచే ఉంది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం 2018లో తెచ్చిన ఎక్స్‌సమ్ సంకలనం బీబీసీ వార్తలతో తయారైంది. వార్త మొదటి వాక్యాన్ని సారాంశంగానూ, మిగతాదాన్ని వ్యాసంగానూ తీసుకున్నారు. మొదటి వాక్యంలో ఉండే పేరో, ఊరో, వయసో కింద మళ్లీ రాకపోవచ్చు. అంటే వ్యాసంలో లేనిదాన్ని సారాంశంలో రాయమని యంత్రానికి నేర్పినట్టే. 2020లో గూగుల్ పరిశోధకులు ఆ సంకలనంతో శిక్షణ పొందిన నమూనాల ఒంటివాక్య సారాంశాలను మనుషులతో పరిశీలింపజేస్తే, నూటికి 70కి పైగా వాటిలో వ్యాసంలో లేని సంగతి దొరికింది. 2021లో వచ్చిన ఎక్స్ఎల్-సమ్ సంకలనం 44 భాషలది, అందులో తెలుగూ ఉంది. అదీ బీబీసీ వార్తలతోనే తయారైంది, సారాంశం తీసుకున్నదీ వార్త మొదట ముద్దక్షరాల్లో ఇచ్చే పరిచయాన్నే. తెలుగు సారాంశానికి యంత్రాలు దిద్దుకున్న ఓనమాల్లో ఇదొకటి. వ్యాసం ఉన్నప్పుడే వ్యాసం బయటినుంచి తెచ్చి రాయడం అలవాటైనదానికి, వ్యాసమే లేనప్పుడు మొత్తం బయటినుంచి తేవడం ఒక్క అడుగు దూరం.

రెండో కారణం మార్కులు వేసే తీరు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు తమ పాత ప్రశ్నోత్తరాల సంకలనానికి కొత్తగా 50 వేలకు పైగా ప్రశ్నలు చేర్చారు. ప్రశ్న చూస్తే జవాబున్నట్టే ఉంటుంది, కాని ఇచ్చిన పేరాలో జవాబు ఉండదు. పాత ప్రశ్నల మీద 86 స్కోరు తెచ్చుకున్న యంత్రం కొత్త సంకలనంలో 66కు పడిపోయింది. జవాబు వెతకడం వచ్చినంత సులువుగా, జవాబు లేదని గుర్తించడం రాలేదన్నమాట. 2025 సెప్టెంబరులో ఓపెన్ఏఐ, జార్జియా టెక్ పరిశోధకులు కలిసి రాసిన పత్రం దీనికి మూలాన్ని పరీక్షల్లో చూపింది. నమూనాలను పోల్చే పరీక్షల్లో ఎక్కువ భాగం ఒప్పుకు ఒక మార్కు వేస్తాయి, తప్పుకూ సున్నా, తెలియదు అన్నా సున్నా. ఈ తర్కం మన పిల్లలకు బాగా తెలుసు. నెగటివ్ మార్కులు లేని ప్రవేశ పరీక్షలో చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఏదో ఒక జవాబు పెట్టేసి వస్తారు, ఖాళీ వదిలినవాడికే నష్టం. యంత్రాలను ఏళ్ల తరబడి అలాంటి పరీక్షలతోనే తూచాం.

దీనికి తోడు, ఆదేశాలు పాటించేలా శిక్షణ ఇచ్చే పద్ధతిని వివరిస్తూ 2022లో ఓపెన్ఏఐ వెలువరించిన పత్రంలోనే, ఆదేశంలో అబద్ధపు ఊహ ఉంటే నమూనా కొన్నిసార్లు దాన్ని నిజమని తీసుకుంటుందని రాసి ఉంది. "ఈ వ్యాసం" అనే మాటలోనే ఆ ఊహ ఉంది, వ్యాసం ఇక్కడ ఉన్నదని. అడిగినవాడి మాట కాదనకుండా సాయం చేయాలని నేర్చుకున్న యంత్రం ఆ ఊహను కాదనడానికి వెనకాడుతుంది.

ఇప్పుడు చాలా పనిముట్లు లింకులు తెరుస్తున్నాయి కదా, సమస్య తీరినట్టే కదా అని అడగవచ్చు. తీరలేదు, రూపం మార్చుకుంది. తెరవడం వేరు, వ్యాసం చేతికి రావడం వేరు. 2023 ఆగస్టులో ఓపెన్ఏఐ తన సేకరణ యంత్రం పేరు ప్రకటించి, వద్దనుకునే సైట్లు దాన్ని ఆపుకోవచ్చని చెప్పింది. ఆ నెలలోనే న్యూయార్క్ టైమ్స్ సహా పలు పత్రికలు ఆపేశాయి. అందుకు సైటు మొదట్లో ఉండే `robots.txt` అనే ఫైలులో రెండు పంక్తులు చాలు:

```
User-agent: GPTBot
Disallow: /
```

మన ఫోనులో ఆ పేజీ హాయిగా తెరుచుకుంటుంది. లింకులు తెరిచే పనిముట్టునూ ఇలాగే పేరు పెట్టి ఆపితే, ఆ మాట పాటించే యంత్రం దాన్ని తెరవదు. ఇలా గట్టిగా మూసిన తలుపు ఫరవాలేదు, తెరవలేకపోయానన్న సంగతైనా పనిముట్టుకు తెలుస్తుంది. సగం తెరుచుకున్న తలుపులతోనే ప్రమాదం. చందా కట్టమనే పత్రిక మొదటి పేరా చూపించి ఆపేస్తుంది. కొన్ని సైట్లలో వ్యాసం జావాస్క్రిప్టు నడిచాకే తెర మీదికి వస్తుంది, అది నడపని యంత్రానికి దక్కేది పైన మెనూ, కింద ప్రకటనలు. ఇంకొన్ని, మీరు మనిషేనా అని అడిగే పేజీని పంపుతాయి. ఇవన్నీ సాంకేతికంగా విజయాలే. సర్వరు 200 అనే సంకేతం ఇస్తుంది, పేజీ వచ్చినట్టు లెక్క. అందులో శీర్షిక ఉంటుంది, తేదీ ఉంటుంది, సంబంధిత వార్తల శీర్షికలు నాలుగు ఉంటాయి. ఇంత సామగ్రి చేతిలో ఉన్న యంత్రం కల్పించే సారాంశం, వట్టి లింకు నుంచి కల్పించినదానికన్నా నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. పూర్తి ఖాళీకన్నా సగం ఖాళీకే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం.

తెలుగులో ఈ సగం ఖాళీలు మరీ ఎక్కువ, వాటిలో కొన్ని మనకు ప్రత్యేకం. మన దినపత్రికల ఈ-పేపర్ పేజీలు ఎక్కువగా బొమ్మలుగానే అందుతాయి. కత్తిరించి వాట్సాప్‌లో పంపుకునే వార్తాభాగాలూ బొమ్మలే. మన కంటికి అవి అక్షరాలు, యంత్రానికి అవి చిత్రాలు. చిత్రంలోంచి అక్షరాలు తీసే దశ ఒకటి మధ్యలో ఉండాలి. ఇరుకు కాలమ్‌లలో చిన్న అక్షరాలతో, ఒత్తులతో ఉన్న తెలుగును ఆ దశ సరిగా చదవలేకపోతే, పెద్ద అక్షరాల శీర్షిక మాత్రం దక్కి లోపలి వార్త జారిపోతుంది. మళ్లీ శీర్షిక నుంచి అల్లే కథే.

పీడీఎఫ్‌ల సంగతి ఇంకా లోతు. తెలుగు ముద్రణా రంగం దశాబ్దాలపాటు అను ఫాంట్ల మీద నడిచింది, ఇంకా నడుస్తోంది. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాల మీద కూర్చారు. పేజీ మీద తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేది అర్థం లేని ఇంగ్లిషు గుర్తుల వరస. యూనికోడ్‌లో తెలుగుకు 0C00 నుంచి 0C7F వరకు ప్రత్యేక స్థానాలున్నాయి. అను ఫైలులో వాటిలో ఒక్కటీ ఉండదు. పుస్తకం, పరిశోధన వ్యాసం, పాత పత్రిక సంచిక ఏదైనా అను పీడీఎఫ్ అయితే, దాన్ని పంపినవారు వ్యాసం పంపామనే అనుకుంటారు, యంత్రానికి చేరింది మాత్రం చెత్త. పనిముట్టు నిజాయితీ గలదైతే చదవలేకపోయానంటుంది. కాకపోతే ఫైలు పేరు ఆసరాగా రాసేస్తుంది. ఇది పట్టుకోవడం సులువే. పీడీఎఫ్‌లో ఒక పంక్తి కాపీ చేసి ఫోనులో నోట్స్‌లో గాని, వాట్సాప్ పెట్టెలో గాని పేస్టు చేసి చూడాలి. తెలుగు వస్తే చదవగలిగిన ఫైలు. ఇంగ్లిషు గుర్తులు వస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. ఏమీ కాపీ కాకపోతే అది బొమ్మ.

లింకుల విషయంలోనూ మనకో చిక్కుంది. తెలుగు మాటలున్న చిరునామా కాపీ చేస్తే రూపు మారిపోతుంది. తెలుగు వికీపీడియాలో "తెలుగు" అన్న ఒక్క మాట ఇలా వస్తుంది:

```
%E0%B0%A4%E0%B1%86%E0%B0%B2%E0%B1%81%E0%B0%97%E0%B1%81
```

గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి 54. నాలుగు మాటల శీర్షిక అయితే లింకు రెండు మూడు వందల గుర్తులకు పాకుతుంది. సందేశాల్లో చేతులు మారేటప్పుడు అది మధ్యలో తెగితే, తెరుచుకోని లింకే మిగులుతుంది. తెగిన చోటు కంటికి ఆనదు, ఎందుకంటే మొత్తం ఒకేలా ఉంటుంది. పొడవు విషయంలోనే ఇంకొకటి. తొలితరం నమూనాలు ఒకసారికి పట్టించుకోగల పాఠానికి హద్దు చిన్నది, పైగా తెలుగు అక్షరాలను అవి ముక్కలు ముక్కలుగా లెక్కించేవి. ఇంగ్లిషులో పూర్తిగా పట్టే వ్యాసం తెలుగులో సగానికి ముందే తెగేది. ఇప్పుడు హద్దులు బాగా పెరిగాయి. కాని చిన్న నమూనాలతో, ఉచిత సౌకర్యాలతో నడిచే పనిముట్లలో తోకలేని వ్యాసాలు ఇంకా ఉన్నాయి. చివరి మూడో వంతు మీద సారాంశంలో ఒక్క మాటా లేకపోతే అనుమానించాలి.

మరి సరైన జవాబు ఏది? వ్యాసం లేదని చెప్పడం ఒక్కటే చాలదు. ఏం చేరిందో చెప్పాలి. ఆదేశం తప్ప ఏమీ రాలేదనో, లింకు వచ్చింది గాని పేజీ తెరుచుకోలేదనో, తెరుచుకుంది గాని శీర్షిక, మొదటి పేరా మాత్రమే దక్కాయనో చెబితే, అవతలి మనిషికి తన తర్వాతి అడుగు తెలుస్తుంది. మళ్లీ పేస్టు చేయాలా, చందా ఉన్న తన ఫోనులో తెరిచి పాఠం కాపీ చేయాలా, ఫాంటు మార్చాలా అన్నది అప్పుడే తేలుతుంది. వట్టి నిరాకరణతో ఆ సాయం అందదు.

అతి జాగ్రత్త కూడా తప్పే. పై సందేశంలోనే వ్యాసం ఉండి, కింది సందేశంలో "దీన్ని సంగ్రహించు" అని అడిగితే వ్యాసం లేదనడం చదవకపోవడమే. ఇంకో సందర్భం కాస్త సున్నితమైనది. "ఈ వ్యాసం" అనకుండా అందరికీ తెలిసిన రచన పేరే చెప్పి సారాంశం అడుగుతారు. 2017 నాటి "అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్" లాంటి పరిశోధన పత్రం మీద వేల వివరణలు శిక్షణ సామగ్రిలో ఉంటాయి. పాఠం చేతిలో లేకపోయినా దాని సారం చెప్పగలగడం కల్పన కాదు. కాని అక్కడ కూడా, పాఠం చూసి కాదు, జ్ఞాపకం నుంచి చెబుతున్నట్టు ముందే చెప్పాలి. నిన్నటి వార్తకు, జిల్లా పేజీలోని కథనానికి ఈ వెసులుబాటు లేదు. అవి ఏ యంత్రపు జ్ఞాపకంలోనూ ఉండవు.

వాడేవారు గుర్తు పట్టడానికి ఒక ప్రశ్న చాలు. శీర్షిక మాత్రమే తెలిసిన తెలివైన మనిషి ఈ సారాంశం రాయగలడా? రాయగలడు అనిపిస్తే నమ్మకూడదు. నిజంగా చదివి రాసినదాంట్లో కనీసం ఒక పేరు, ఒక అంకె, ఊహించని ఒక సంగతి దొరుకుతాయి. పేర్లు, అంకెలు ఉన్నంతమాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేం, వాటినీ కల్పించవచ్చు. అందుకని అసలు పేజీ తెరిచి, సారాంశంలోని ఒక అంకెను అక్కడ వెతికి చూడాలి. అర నిమిషం పని.

అసలు బాధ్యత పనిముట్లు తయారుచేసేవాళ్లది. తెలుగు కోసం వార్తల యాప్‌లు, చదువుల యాప్‌లు కట్టేవాళ్లకు నేను కోరేది ఇది. ప్రతి సారాంశం మీద, తమకు చేరిన పాఠం ఎన్ని మాటలో, అది మొదలయ్యే మాటలేవో, ముగిసే మాటలేవో ఒక పంక్తిలో చూపించండి. ఆ లెక్క యంత్రం చేత రాయించకండి, ప్రోగ్రాము చేత లెక్కబెట్టించండి. పాఠం కొన్ని పదుల మాటలు కూడా లేకపోయినా, అందులో తెలుగు యూనికోడ్ అక్షరాలు లేకపోయినా నమూనా దాకా పంపకుండా అక్కడే ఆపేసి, వాడేవారికి ఆ మాటే చెప్పండి. ఇందుకు పది పంక్తుల కోడు చాలు.